అటక మీది హార్లిక్స్ సీసా

మా నాయనమ్మ ఇంట్లో అటక మీద, ఊరగాయ జాడీల వెనక, మూత బిగించిన ఒక హార్లిక్స్ సీసా ఉండేది. అందులో ఒక అగ్గిపెట్టె, కాగితంలో చుట్టిన పత్తి వత్తులు, చిన్న మందుసీసాలో పోసిన ఆముదం తప్ప ఇంకేమీ ఉండేవి కావు. మూత చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోసి ఉండేది. ఏటా కార్తీక మాసం మొదటి రోజున నాయనమ్మ ఆ మైనాన్ని గోటితో గీకి, మూత తీసి, పాత అగ్గిపెట్టెను వంటింట్లో వాడకానికి ఇచ్చేసి, కొత్తది కొని అందులో పెట్టి, మళ్ళీ మైనం పోసేది. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఆ సీసాను ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లో అగ్గిపుల్ల ఒక్కటి కూడా లేక, మా పిన్ని పక్కింటికి నిప్పుకోసం వెళ్ళిన రోజున కూడా అటక మీది ఆ సీసా జోలికి పోలేదు.

మా ఊరు దివిసీమలో, కోడూరుకు దిగువన, పంటకాలువ గట్టు మీద ఉంటుంది. కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట, ఆ పాయల నడుమ ఉన్న నేల అది. మా ఇల్లు కాలువకు ఇవతలి గట్టున ఉండేది. వీధి గుమ్మంలో నిలబడితే అవతలి గట్టు మీద వరుసగా పన్నెండు ఇళ్ళు కనిపించేవి. మా నాన్నకు విజయవాడలో ఉద్యోగం కావడంతో నేను వేసవి సెలవులకూ సంక్రాంతికీ మాత్రమే అక్కడికి వెళ్ళేవాణ్ణి. అందువల్ల ఆ ఇంట్లో అందరికీ అలవాటైపోయి ఎవరూ పట్టించుకోని పనులు నాకు వింతగా తోచేవి. వాటిలో మొదటిది సాయంత్రపు దీపం.

ఆ దీపం దేవుడి గదిలోది కాదు. అక్కడ పొద్దున్నే వెలిగించే ఇత్తడి కుందులు వేరే ఉండేవి. ఇది వీధి గుమ్మం పక్కన, గోడ కట్టేటప్పుడే వదిలిన మూడు మూలల గూటిలో పెట్టే మట్టి ప్రమిద. ఎన్నో ఏళ్ళ మసి పట్టి ఆ గూటి పైకప్పు మూకుడు అడుగులా నల్లగా ఉండేది. దానికి సున్నం వెయ్యనిచ్చేది కాదు నాయనమ్మ.

పొద్దు వాలి, గేదెలు ఇంటికి చేరి, కాలువ నీళ్ళ మీద ఎరుపు కరిగే వేళకు ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చేది. ముందుగా పెరటి తలుపు మూయించేది. వీధి తలుపు తెరిచి ఉండాలి, పెరటి తలుపు మూసి ఉండాలి. ఇటు నుంచి వచ్చిన లక్ష్మీదేవి అటు నుంచి వెళ్ళిపోతుందని మా పిన్ని చెప్పేది. నాయనమ్మను అడిగితే, "అదీ నిజమే. రెండు తలుపులూ బార్లా తీస్తే ఎదురుగాలికి దీపం నిలవదు, ఇదీ నిజమే," అనేది. ఆమె చెప్పే సంగతులన్నీ ఇలాగే రెండు అంచులతో ఉండేవి.

వత్తులు ఆమే చేసేది. పెరట్లో ఒక పత్తి చెట్టు ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, పగిలిన కాయల్లోంచి పత్తి తీసి, గింజలు ఏరి, పీచును వేళ్ళతో విడదీసి మెత్తగా దూదిలా చేసేది. వేళ్ళకు కాస్త విభూతి అద్దుకుని, అరచేతుల మధ్య ఒకే వైపుకు నలిపితే పత్తి దారంలా సాగేది. అటూ ఇటూ నలిపితే పురి విడిపోతుందని నన్ను చాలాసార్లు మందలించింది. అలా చేసిన రెండింటిని కలిపి ఒక వత్తిగా వేసేది. ఒంటి వత్తి ఇంట్లో వెలిగించకూడదట. మనిషి పోయినప్పుడు తల దగ్గర పెట్టే దీపానికే అది. ఆ మాట చెప్పిన వెంటనే రెండో అంచు కూడా చెప్పేది. రెండు పోగులు పక్కపక్కన ఉంటే వాటి నడుమ సందులోంచి నూనె పైకి పాకుతుంది, ఒకటి తడబడినా రెండోది మంటను పట్టుకుంటుంది.

నూనె మాత్రం ఆముదమే. నువ్వుల నూనె శ్రేష్ఠమని ఆమెకూ తెలుసు, దేవుడి గదిలో అదే వాడేది. గుమ్మం దీపానికి మాత్రం ఆముదం. అది చిక్కగా ఉండటంతో వత్తిలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, అంత నెమ్మదిగానూ ఖర్చవుతుంది. రెండు చెంచాల ఆముదానికి ఆ దీపం మా భోజనాలై, పక్కలు వేసుకునేదాకా వెలిగేది. అయితే అది చిక్కటి నూనె కాబట్టి పొడి వత్తికి నిప్పు ముట్టిస్తే నూనె అందేలోపే పత్తి కాలిపోతుంది. అందుకని వత్తిని కొన దాకా నూనెలో నానబెట్టి, వేళ్ళతో పిండి, వడ్లగింజ పొడవు మాత్రమే అంచు బయటికి వదిలేది. అంతకంటే ఎక్కువ వదిలితే మంట పెద్దదై పొగ చిమ్ముతుంది, తక్కువైతే కొన బొగ్గు కట్టి దానంతటదే కొండెక్కుతుంది. దీపం ఆరిపోయిందని ఆ ఇంట్లో ఎవరూ అనేవారు కారు. కొండెక్కింది అనే అనాలి. నేను ఒకసారి నోరు జారి ఆ మాట అన్నప్పుడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

నాకు ఏడెనిమిదేళ్ళ వయసు నుంచీ ఒకే ప్రశ్న. వసారాలో ట్యూబులైటు ఉంది, దాని కింద నిలబడితే పుస్తకం చదువుకోవచ్చు. అలాంటప్పుడు ఆ గూటిలో మిణుకు మిణుకుమనే ప్రమిద ఎందుకు? మొదటిసారి అడిగినప్పుడు, సందెవేళ దీపం లేని ఇంటికి లక్ష్మి రాదని చెప్పింది. మరుసటి ఏడు అడిగినప్పుడు, రెండు చేతులూ జోడింపజేసి "దీపం జ్యోతిః పరబ్రహ్మ" అనే శ్లోకం నేర్పింది. ఇంకో కార్తీకంలో మేము ఏదో పెళ్ళికి వెళ్ళినప్పుడు, "కీటాః పతంగాః మశకాశ్చ వృక్షాః" అని మొదలయ్యే శ్లోకం చెప్పి, పురుగులూ మిడతలూ దోమలూ చెట్లూ, దీపాన్ని చూసిన ప్రతి ప్రాణీ తరిస్తుందనీ, అందుకే దీపాన్ని బయటికి కనిపించేలా పెట్టాలనీ అన్నది. దోమలు కూడానా అని నేను నవ్వితే, "దోమలు కూడా. నిన్ను కుట్టినంత మాత్రాన దానికి దిక్కు లేకుండా పోవాలా?" అన్నది. ఆ జవాబులన్నీ బాగానే ఉండేవి గాని, ట్యూబులైటు సంగతి మాత్రం తేలేది కాదు.

మరొక సంగతి కూడా నాకు తెలియకుండానే కంటబడుతూ ఉండేది. మా నాన్న మమ్మల్ని తీసుకుని ఊరికి వచ్చినప్పుడు బస్సు దిగేసరికి చీకటి పడితే, కాలువ మీది వంతెన దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. సంచి కింద పెట్టి, మా ఇంటి వైపు చూసి, మళ్ళీ సంచి ఎత్తుకుని నడిచేవాడు. బరువుకు ఆగుతున్నాడని అనుకునేవాణ్ణి.

1990 మే నెలలో నాకు తొమ్మిదేళ్ళు. సెలవులకు వచ్చి పది రోజులైంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని, అది పెను తుపానుగా మారిందని, కృష్ణా జిల్లా తీరం వైపు వస్తోందని రేడియోలో గంట గంటకూ చెప్పసాగారు. పెద్దవాళ్ళు రేడియో ముందు కూర్చుంటే నాయనమ్మ మాత్రం గోడ మీది పంచాంగం తీసి చూసి, "పున్నమి నాటికి వస్తుందన్నమాట. పోటు కూడా కలుస్తుంది," అని మెల్లగా అన్నది. తొమ్మిదో తేదీ వైశాఖ పున్నమి. ఆమె మొహంలో రక్తం లేకపోవడం అప్పుడే మొదటిసారి చూశాను.

ఎనిమిదో తేదీ మధ్యాహ్నానికి అధికారులు లారీలతో వచ్చి, గట్టు మీద ఉన్న ఇళ్ళన్నీ ఖాళీ చేయించారు. మమ్మల్ని ఎత్తైన చోట ఉన్న ఒక బడి భవనంలో దింపారు. అవతలి గట్టు వాళ్ళు కూడా అక్కడే. పిన్ని బట్టల మూట, బాబాయి బియ్యం బస్తా మోసుకొస్తే, నాయనమ్మ తన చంకలో ఆ హార్లిక్స్ సీసాను చీరకొంగుతో కట్టుకుని తెచ్చింది. లారీలో కుదుపుకు అది పగులుతుందేమోనని దారి పొడుగునా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం నుంచి గాలి మారింది. సాయంత్రానికి కిటికీ రెక్కలు తాళ్ళతో కట్టినా ఊగుతున్నాయి. కరెంటు ఎప్పుడో పోయింది. గదిలో యాభై అరవై మందిమి. ఉన్న రెండు లాంతర్లలో ఒకటి గాలికి తట్టుకోలేక పోయింది. సందెవేళ అయిందని ఎలా తెలిసిందో గాని, నాయనమ్మ లేచి సీసా మూత మైనం గీకడం మొదలుపెట్టింది. స్టీలు గిన్నెలో ఆముదం పోసి, వత్తి నానబెట్టి, ఆ గిన్నెను నీళ్ళ బకెట్టు ఖాళీ చేయించి దాని అడుగున పెట్టి వెలిగించింది. బకెట్టు నోటి మీదుగా గాలి వెళ్ళిపోతోంది. అడుగున మంట కదలకుండా నిలిచింది. గది పైకప్పు మీద గుండ్రటి వెలుగు పడింది. ఏడుస్తున్న పిల్లలు దాన్ని చూస్తూ ఊరుకున్నారు.

నేను ఆమె పక్కన చేరి అడిగాను. "ఇక్కడ గుమ్మం లేదు, గూడు లేదు కదా నాయనమ్మా. ఇక్కడ కూడా ఎందుకు?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఒరే నాన్నా, నీకు ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ మా అత్తగారు నాకు చెప్పినవి. నాకు నేనుగా తెలుసుకున్నది ఒకటుంది, అది చెబుతాను విను," అని మొదలుపెట్టింది.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. దీపావళి వెళ్ళి పది రోజులు కూడా తిరగలేదు. పొద్దున్నుంచీ ఈదురుగాలి, వాన. గాలివాన వస్తుందని అనుకున్నారు గాని సముద్రం లేచి వస్తుందని ఎవరూ అనుకోలేదు. మా తాతయ్య, నాయనమ్మ, పదేళ్ళ బాబాయి ఇంట్లో ఉన్నారు. ఇరవై ఏళ్ళ మా నాన్న విజయవాడలో చదువుకుంటున్నాడు. అప్పటికి ఆ గట్టు మీద ఉన్నవన్నీ తాటాకు కప్పుల ఇళ్ళే. మా ఇంటి ముందు గోడ ఒక్కటే ఇటుకది. ఊళ్ళో పక్కా కట్టడం అంటే బియ్యం మిల్లు వాళ్ళ డాబా మాత్రమే. కప్పు లేచిపోతుండగా మధ్యాహ్నమే ముగ్గురూ ఆ డాబా మీది గదికి చేరారు. పొద్దు వాలే వేళకు, తాటిచెట్టంత ఎత్తున, నల్లగా, రైలు వస్తున్నట్టు మోతతో నీరు వచ్చింది.

ఆ నీటి గురించి ఆమె అంతకు మించి చెప్పలేదు. దివిసీమలో ఆ రోజు పోయిన వారు పదివేల మంది వరకూ ఉంటారని నేను తరవాత చదువుకున్నాను. ఆమె చెప్పింది ఒక్క సంగతే. అవతలి గట్టు మీద మూడో ఇల్లు ఆమె సొంత చెల్లెలిది. రోజూ సందెవేళ ఇవతల తాను దీపం పెట్టి తల ఎత్తేసరికి అవతల చెల్లెలు దీపం వెలిగేది. ఒక్కోరోజు చెల్లెలిదే ముందు. మధ్యలో కాలువ ఉండటంతో రోజూ కలుసుకోవడం కుదరకపోయినా, ఆ దీపం చూస్తే ఆమెకు జ్వరం లేదని, ఇంట్లో అంతా బాగున్నారని తెలిసేదట. "దీపం పెట్టిందంటే లేచి తిరుగుతోందన్నమాట," అన్నది.

ఆదివారం తెల్లవారేసరికి నీరు తీసింది. ఊరు ఉన్న చోట బురద ఉంది. మా ఇంట్లో మిగిలింది గూడు ఉన్న ఇటుక గోడ, దానికి అడ్డంపడి ఆగిన ట్రంకుపెట్టె. పెట్టెలో ఉన్న బట్టలన్నీ ఉప్పునీటిలో నానిపోయాయి. వాటి మధ్య, గుడ్డ బిరడా గట్టిగా కొట్టి ఉన్న ఆముదం సీసా మాత్రం చెక్కుచెదరకుండా దొరికింది. ఆ సాయంత్రం ఆమె దీపం పెట్టాలనుకుంది. మిల్లు వాళ్ళ డాబాలో రేకు డబ్బాలో దాచిన అగ్గిపెట్టె ఒకటి మిగిలింది. పొయ్యి అంటించడానికి అందరికీ అదే ఆధారం. అందులోంచి మూడు పుల్లలు అడిగి తెచ్చుకుంది.

తాతయ్యకు కోపం వచ్చింది. పక్కన శవాలు పడి ఉంటే దీపం ఏమిటి, మనుషులు వింటే ఏమనుకుంటారు అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదట. కొబ్బరిచిప్పలో ఆముదం పోసి, కట్టుకున్న చీర అంచు చింపి వత్తి చేసి గూటిలో పెట్టింది. మొదటి పుల్ల గాలికి పోయింది. రెండో పుల్లతో వత్తి అంటుకుంది గాని, చిటపటమని రవ్వలు చిమ్మి, కొన నల్లబడి, ఆమె చూస్తుండగానే కొండెక్కింది. గుడ్డలో నీరు ఉంటే నూనె లోపలికి ఎక్కదు. మంట వేడికి ఆ నీరు ఆవిరై పేలుతుంది, మంటను చెదరగొడుతుంది. ఇక్కడ నీరు ఒక్కటే కాదు, ఉప్పు కూడా. చీరను ఎంత పిండినా, ఆరబెట్టినా, దారాల మధ్య ఉప్పు పేరుకునే ఉంటుంది. ఆ రాత్రి మూడో పుల్లను ఆమె గీయలేదు. కొంగున ముడివేసుకుని డాబా మెట్ల మీద కూర్చుంది. అవతలి గట్టు వైపు చూస్తే ఒక్క వెలుగు కూడా లేదు.

"అప్పుడే తెలిసిందిరా నాకు," అన్నది నాయనమ్మ. "అవతల దీపం లేదంటే, చెల్లెలు లేదో, లేక ఉండీ నాలాగే వత్తి అంటుకోక కూర్చుందో ఎలా తెలుస్తుంది? దానికి కూడా నేనున్నట్టు ఎలా తెలుస్తుంది?"

సోమవారం పొద్దున్నే ఆమె మరో పేలిక చింపి, డాబా మీద డేగిసాలో పట్టిన వాననీటిలో ఉప్పు పోయేదాకా మూడుసార్లు జాడించింది. తాగడానికే నీళ్ళు లేని చోట గుడ్డ ఉతకడానికి వాడుతోందని ఒకావిడ కేకలు వేసింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదని నాయనమ్మ నాతో అన్నది. తన వంతుగా వచ్చిన గ్లాసుడు నీళ్ళూ ఆ రోజు తాగకుండా ఆవిడకు ఇచ్చేసిందట. ఎండ బాగా కాసింది. పిట్టగోడ మీద పేలిక పొడిపొడిగా ఆరింది. దాన్ని రెండు పాయలుగా చీల్చి, ఒకే వైపుకు పురి పెట్టి, మధ్యాహ్నం నుంచీ ఆముదంలో నానబెట్టి ఉంచింది. సాయంత్రం కొబ్బరిచిప్పను గూటిలో లోపలికంటా జరిపి, వడ్లగింజ పొడవు మాత్రం వత్తి బయటికి వదిలి, మా బాబాయిని గాలికి అడ్డంగా నిలబెట్టి, మూడో పుల్ల గీసింది.

అది కార్తీక సోమవారం.

ఈసారి చిటపటలు లేవు. మంట మొదట నీలంగా చిన్నగా కూర్చుని, నూనె అందిన కొద్దీ పైకి లేచింది. ఆ గట్టు మీద అటు చివరి నుంచి ఇటు చివరి దాకా అదొక్కటే దీపం.

నేను ఇక్కడ అడ్డం వచ్చి ఒక తెలివితక్కువ ప్రశ్న వేశాను. చీకటి పక్షం కాదు కదా, వెన్నెల ఉండి ఉంటుంది కదా, దీపం ఏం కనిపిస్తుంది అన్నాను. పంచాంగం చూడటం కొత్తగా నేర్చుకున్న రోజులవి.

"ఉంది, పొడుగాటి వెన్నెల ఉంది. బురద మీదా నీళ్ళ మీదా పడి అంతా తెల్లగా మెరుస్తోంది. వెన్నెల మనుషులున్నా ఉంటుంది, లేకపోయినా ఉంటుంది నాన్నా. దీపం ఎవరో ఒకరు పెడితేనే ఉంటుంది."

ఆ రాత్రి ఎనిమిది దాటాక మా నాన్న ఊరు చేరాడు. ఉప్పెన కబురు తెలిసిన వెంటనే విజయవాడ నుంచి బయలుదేరి, దొరికిన లారీ పట్టుకుని అవనిగడ్డ దాకా వచ్చి, అక్కడి నుంచి కాలినడకన, పడిపోయిన చెట్లనూ స్తంభాలనూ దాటుకుంటూ, దారి పొడుగునా చూడకూడనివి చూస్తూ వచ్చాడు. కాలువ దగ్గరికి వచ్చాక మాత్రం ఊరు ఏదో పోల్చుకోలేకపోయాడు. గుర్తు పెట్టుకోవడానికి చెట్టు లేదు, కప్పు లేదు, వంతెన సగం కొట్టుకుపోయింది. ఎటు చూసినా వెన్నెలలో ఒకేలా ఉన్న బురద. మా ఊరు దాటి వచ్చేశానేమోనని వెనక్కి తిరగబోతుండగా, నేల నుంచి మనిషి నడుమెత్తున, గోడ గూటిలో నిలిచిన వెలుగు కనిపించింది. లాంతరైతే నేల మీదో చేతిలోనో ఉంటుంది, గూటిలో వెలుగు అంటే ఇల్లు. ఇంట్లో దీపం పెట్టే దిక్కు ఉన్నట్టు. ఇంకేమీ చూడకుండా మెడ లోతు కాలువ నీటిలో దిగి ఇటు వచ్చాడు.

మంగళవారం సాయంత్రం అవతలి గట్టు మీద రెండు దీపాలు వెలిగాయి. బుధవారం నాలుగు. ఒకరిని చూసి ఒకరు పెట్టసాగారు. సహాయం తెచ్చిన వాళ్ళు కిరసనాయిలు, అగ్గిపెట్టెలు పంచాక మరికొన్ని. నాయనమ్మ ప్రతి రోజూ తన దీపం పెట్టి, గుమ్మంలో నిలబడి అవతలివి లెక్కపెట్టేది. ఆ కార్తీకం ముగిసేనాటికి లెక్క ఏడు దగ్గర ఆగిపోయింది. మూడో ఇంటి చోట వెలగలేదు. ఆ స్థలంలో తరవాత ప్రభుత్వం కట్టించిన ఇంట్లోకి వేరే వాళ్ళు వచ్చి దీపం పెట్టేదాకా, ఆ ఖాళీని కూడా ఆమె లెక్కలో కలిపే చదివేదట. ఒకటి, రెండు, మూడు అని, మూడు దగ్గర కాస్త ఆగి, నాలుగు.

గాలి ఆ రాత్రంతా హోరుమంది. బకెట్టు అడుగున దీపం తెల్లవారుజాము దాకా వెలిగింది. నేను దాని పక్కనే నిద్రపోయాను.

ఆ తుపానులో రాష్ట్రమంతటా కలిపి పోయిన వారు వెయ్యికి లోపే. ముందుగా మనుషులను కదిలించడమే దానికి కారణమని ఆ తరవాత అందరూ అన్నారు. మేము పదకొండో తేదీన ఇంటికి తిరిగి వచ్చాం. డాబా ఇల్లు కాబట్టి నిలిచింది. వసారా నిండా బురద, పెరట్లో పత్తి చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది, ట్యూబులైటు పట్టీ ఊడి వేలాడుతోంది. పిన్ని చీపురు తీసుకుని మొదలుపెట్టబోతే, నాయనమ్మ ఆమెను ఆపి ముందు గూడు తుడవమన్నది. దాని నల్లటి పైకప్పు మీద నీటి చారలు పడ్డాయి గాని మసి చెదరలేదు. కొత్త ప్రమిదలు ఏవీ పొడిగా లేవు. అందుకని బడిలో వాడిన స్టీలు గిన్నెనే పెట్టింది. వత్తి, ఆముదం, అగ్గిపుల్ల, మూడూ ఆ సీసాలోవే.

ఈసారి ఆమె నన్ను కూడా గుమ్మంలో తన పక్కన నిలబెట్టుకుంది. కరెంటు లేదు కాబట్టి ఊరంతా ఒకే చీకటి. మా దీపం వెలిగాక కాసేపటికి అవతలి గట్టు మీద మొదటి ఇల్లు వెలిగింది, తరవాత ఐదోది, తరవాత రెండోది. నా చేయి పట్టుకుని ఆమె పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. మూడో ఇల్లు వెలిగినప్పుడు చేతి పట్టు కొంచెం బిగిసింది. పదకొండు దాకా వచ్చి ఆగాం. చివరి ఇల్లు చీకటిగానే ఉంది. ఆ ఇంటి వాళ్ళు మాతో పాటు బడిలో ఉన్నారు, మాతో పాటే లారీలో తిరిగి వచ్చారు, వాళ్ళ మనవరాలు నాతో దారంతా గచ్చకాయలాడింది. అంతా బాగానే ఉన్నారు కదా, లోపలికి వెళ్దామని నేను అన్నాను. ఆమె కదలలేదు.

చాలాసేపటికి ఆ చివరి ఇంటి దగ్గర ఒక నిప్పురవ్వ మెరిసి పోయింది. మళ్ళీ మెరిసింది, మళ్ళీ పోయింది.

"వత్తి తడిసి ఉంటుంది," అన్నది నాయనమ్మ. హార్లిక్స్ సీసాలో మిగిలిన పొడి వత్తులు రెండు, అగ్గిపెట్టె కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, వంతెన మీద చూసుకుని నడవమని, పరిగెత్తవద్దని చెప్పింది.